స్కిల్స్ లిస్టులో అన్నీ రాశాక ఎక్స్‌పీరియన్స్‌లో మళ్ళీ రాయాలా? హెచ్‌ఆర్ ఏమో హ్యాండ్స్-ఆన్ కనపడట్లేదు అంటోంది

నైట్‌షిఫ్ట్_నాని
హైదరాబాద్‌లో ప్రొడక్షన్ సపోర్ట్, నాలుగేళ్ళు, బ్యాంకింగ్ క్లయింట్. రెజ్యూమెలో పైనే పెద్ద టేబుల్ పెట్టాను, ఒరాకిల్, పీఎల్ ఎస్‌క్యూఎల్, యూనిక్స్, షెల్ స్క్రిప్టింగ్, పైథాన్, కంట్రోల్-ఎమ్, సర్వీస్‌నౌ, స్ప్లంక్, జెంకిన్స్, డాకర్, ఏడబ్ల్యూఎస్ అన్నీ ఉన్నాయి. కింద ఎక్స్‌పీరియన్స్‌లో నాలుగు లైన్లే, ఎల్2 సపోర్ట్ బాధ్యతలు, బ్యాచ్ జాబ్స్ మానిటరింగ్, ఇన్సిడెంట్ మేనేజ్‌మెంట్, క్లయింట్‌తో కోఆర్డినేషన్ అని. ఫ్రెండ్ వాళ్ళ కంపెనీలో రిఫర్ చేస్తే అక్కడి హెచ్‌ఆర్ "ప్రొఫైల్‌లో ఎస్‌క్యూఎల్ హ్యాండ్స్-ఆన్ కనపడట్లేదు" అందంట. అరే టేబుల్‌లో మొదట్లోనే ఉంది కదా అది! ఒకే విషయం రెండు చోట్ల రాయడం దేనికి, రెండు పేజీల్లో చోటు కూడా లేదు. నిజంగా అంత తేడా ఉంటుందా లేక వద్దనుకున్న వాళ్ళకి చెప్పే మాటా ఇది?

కూకట్‌పల్లి_కార్తీక్
వద్దనుకుంటే చెప్పే మాటే బ్రో. రెజ్యూమెలు వడకట్టే ఏటీఎస్ సాఫ్ట్‌వేర్‌కి కావల్సింది కీవర్డ్. జాబ్ డిస్క్రిప్షన్, అదే జేడీలో ఉన్న పదాలన్నీ స్కిల్స్‌లో ఉన్నాయా లేవా, అంతే మ్యాటర్. ఎక్స్‌పీరియన్స్ బుల్లెట్లు ఎవడు చదువుతాడు ఈ రోజుల్లో. నేనైతే ప్రతి అప్లికేషన్‌కీ జేడీలో పదాలు తీసి లిస్టులో కలుపుతా, కాల్స్ బాగానే వస్తాయి.

అమీర్‌పేట_అంజి
నా స్కిల్స్ లిస్ట్ చూసి పోయినసారి ప్యానెల్ సార్ "ఇన్ని వచ్చినోడివి మాకెందుకయ్యా, నువ్వే ఒక కంపెనీ పెట్టి మాకు జాబులియ్యి" అన్నడు 😅

సుజాత_టాలెంట్
కార్తీక్ చెప్పింది సగం కరెక్టే, ఆ సగం ఏంటో చెప్తాను. నేను రిక్రూటింగ్‌లోనే ఉన్నాను, ఐటీ హైరింగ్.

నౌకరీ వాళ్ళ రెజ్యూమె డేటాబేస్ రెస్‌డెక్స్‌లో మేం సెర్చ్ కొట్టేటప్పుడు కీవర్డ్స్, ఎక్స్‌పీరియన్స్ రేంజ్, లొకేషన్, నోటీస్ పీరియడ్ ఇవి ఇస్తాం. అక్కడ నీ స్కిల్స్ లిస్ట్ పనిచేస్తుంది, ఆ పదం నీ ప్రొఫైల్‌లో ఎక్కడా లేకపోతే నువ్వు సెర్చ్‌లోనే రావు. కానీ సెర్చ్‌లో వచ్చేవాళ్ళు వందల్లో ఉంటారు, అందరి లిస్టూ ఒకేలా ఉంటుంది, ఎందుకంటే అందరూ అదే జేడీ చూసి రాస్తారు. అందరి దగ్గరా ఉన్నదాన్ని పట్టుకుని ఎవరిని ఎంచుకోవాలి చెప్పు?

తర్వాత నేను రెజ్యూమె తెరిచి Ctrl+F కొడతాను, మేనేజర్ మస్ట్ హ్యావ్ అన్న పదం. నాని కేసులో ఎస్‌క్యూఎల్ అని కొడితే ఒక్కటే హిట్, పైన టేబుల్‌లో. ఇప్పుడు చేస్తున్న జాబ్ కింద ఏమీ లేదు. నాకు దాంట్లోంచి తెలిసేది ఏంటి? ఇతనికి ఆ పేరు తెలుసు. ఎప్పుడు వాడాడు, ఈ ప్రాజెక్ట్‌లోనా లేక కాలేజీలోనా, రోజూనా నెలకోసారా, ఏమీ తెలీదు. ఇంకోటి బయటివాళ్ళకి కనపడదు, నేను హైరింగ్ మేనేజర్‌కి ప్రొఫైల్ పంపేటప్పుడు రెండు లైన్లు నోట్ రాయాలి, ఈ క్యాండిడేట్ ఎందుకు సూట్ అవుతాడు అని. ఆ రెండు లైన్లు నీ బుల్లెట్లలోంచే తీస్తాను. టేబుల్‌లోంచి ఏం తీయను? "ఇతనికి ఒరాకిల్ వచ్చని ఇతనే అంటున్నాడు" అని రాయనా?

కూకట్‌పల్లి_కార్తీక్
మరి నాకు కాల్స్ ఎలా వస్తున్నాయి అక్కా?

సుజాత_టాలెంట్
కాల్ వేరు, షార్ట్‌లిస్ట్ వేరు తమ్ముడూ. మా జూనియర్లు నోటీస్ పీరియడ్, సీటీసీ కనుక్కోడానికి సెర్చ్‌లో వచ్చిన వాళ్ళకి వరసపెట్టి చేస్తారు. అందులో ప్యానెల్ దాకా వెళ్ళినవి ఎన్ని?

కూకట్‌పల్లి_కార్తీక్
అది అడక్కూడదు 😐

సుజాత_టాలెంట్
సాఫ్ట్‌వేర్ వైపు నుంచి చూసినా లిస్ట్ గెలవదు, ఇది కూడా చెప్పాలి. రెజ్యూమె పార్సర్లలో మంచివి స్కిల్‌ని పట్టుకోవడమే కాదు, అది ఏ జాబ్ కింద కనిపించిందో చూసి ఆ జాబ్ తేదీల నుంచి ఎన్ని నెలల అనుభవం, చివరిసారి ఎప్పుడు వాడాడు అనేది లెక్క కడతాయి. టెక్స్ట్‌కర్నెల్ లాంటి వాటిలో ఇది ఉంది. విడి లిస్టులో ఉన్న స్కిల్‌కి తేదీ ఉండదు కదా, అందుకని దానికి నెలలు పడవు, పేరొక్కటే పడుతుంది. అన్ని కంపెనీల సిస్టమ్‌లూ ఇలా చేస్తాయని కాదు, కొన్ని ఉట్టి టెక్స్ట్ సెర్చే. నౌకరీ ప్రొఫైల్‌లో ఐటీ స్కిల్స్ దగ్గర వర్షన్, చివరిగా వాడిన సంవత్సరం, ఎన్నేళ్ళ అనుభవం అని ఎందుకు అడుగుతున్నాడో ఆలోచించండి, ఉట్టి పేరు సరిపోతే ఆ కాలమ్స్ ఎందుకు?

పాత_డీబీఏ
సుజాతగారు వాళ్ళ వైపు చెప్పారు, నేను ప్యానెల్ వైపు చెప్తా. ఇంటర్వ్యూలు తీసుకుంటూ చాలా ఏళ్ళయింది.

ఎస్‌క్యూఎల్ అన్న ఒక్క మాట కింద `SELECT *` కొట్టి ఎక్సెల్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేసేవాడూ ఉంటాడు, రాత్రి రెండింటికి ఏ సెషన్ ఏ సెషన్‌ని బ్లాక్ చేస్తోందో కనిపెట్టేవాడూ ఉంటాడు. టేబుల్‌లో ఇద్దరూ ఒకేలా కనపడతారు. మరి నేను ఏం చేస్తాను, తక్కువ స్థాయి అనే అనుకుంటా, ఎందుకంటే నిజంగా చేసినవాడు చెప్పకుండా ఉండలేడు అని నా అనుభవం. కొందరు పక్కన నక్షత్రాలు, శాతం బార్లు పెడతారు, పైథాన్ 80 శాతం అని. దేంట్లో ఎనభై అయ్యా? మిగతా ఇరవై ఏంటో తెలిస్తే కదా ఎనభై అని చెప్పేది.

నానీ, నువ్వు ఒక్కటి చెప్పు. పోయిన ఏడాదిలో ఎస్‌క్యూఎల్‌తో చేసిన పని ఒకటి, రెజ్యూమె భాషలో కాదు, మీ టీమ్‌మేట్‌కి చెప్పినట్టు చెప్పు.

నైట్‌షిఫ్ట్_నాని
చెప్పుకునేంత ఏం లేదు సార్, సపోర్ట్ కదా. ఒకటి గుర్తుంది, ఎండ్ ఆఫ్ డే బ్యాచ్‌లో ట్రాన్సాక్షన్ రీకన్సిలియేషన్ జాబ్ ఒకటి ఉంది, రాత్రి పదకొండున్నరకి మొదలవుద్ది. మొదట్లో గంటలో అయిపోయేది, డేటా పెరిగేకొద్దీ మూడున్నర గంటలు తీసుకోవడం మొదలుపెట్టింది, దాని తర్వాత రిపోర్టులు ఆగిపోయి పొద్దున్నే బ్రాంచ్ వాళ్ళ నుంచి ఎస్కలేషన్లు. ప్రతిసారీ మేం జాబ్ కిల్ చేసి మళ్ళీ స్టార్ట్ చేయడం, ఇన్సిడెంట్ క్లోజ్ చేయడం, ఇదే పని. ఒక రాత్రి విసుగొచ్చి ఎగ్జిక్యూషన్ ప్లాన్ తీశా, టేబుల్ మొత్తం చదువుతోంది, దాదాపు తొమ్మిది కోట్ల రోలు ఉంటాయి దాంట్లో. తేదీ మీద ఇండెక్స్ ఉంది కానీ వాడట్లేదు. క్వెరీలో తేదీకి `TRUNC` పెట్టి ఉంది, అది తీసేసి రేంజ్‌లా రాసి టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌లో చూస్తే చాలా తగ్గింది, డెవలప్‌మెంట్ టీమ్‌కి మెయిల్ పెట్టా, వాళ్ళు నెక్స్ట్ రిలీజ్‌లో మార్చారు. ఇప్పుడు 50 నిమిషాల్లోపే అయిపోతుంది.

గోదారి_గట్టు
"చెప్పుకునేంత ఏం లేదు" అంట 😂 మా టీమ్‌లో ఎవడైనా ఇది చేసుంటే రెండేళ్ళు పార్టీల్లో చెప్పుకునేవాడు

పాత_డీబీఏ
ఇదిగో, ఇదే నాకు కావాల్సింది. తెలీని వాళ్ళ కోసం ఏం జరిగిందో చూపిస్తా. ముందు ఉన్నది:

```sql
WHERE TRUNC(txn_date) = :biz_date
```

మార్చింది:

```sql
WHERE txn_date >= :biz_date
  AND txn_date <  :biz_date + 1
```

కాలమ్ మీద ఫంక్షన్ పెడితే ఒరాకిల్ ఆ కాలమ్ మీదున్న మామూలు ఇండెక్స్‌తో వెతకలేదు, ప్రతి రోకీ ఫంక్షన్ వేసి చూసుకోవాలి, అందుకే ప్లాన్‌లో `TABLE ACCESS FULL` వచ్చింది. రేంజ్‌గా రాస్తే ఆ ఒక్క రోజు రోల దగ్గరికే పోతుంది, `INDEX RANGE SCAN` వస్తుంది. `:biz_date` అర్ధరాత్రి 00:00కి ఉండాలి, అదొక్కటి చూసుకోవాలి.

ఈ ఒక్క సంఘటనలో నీ టేబుల్‌లో ఉన్న మూడు పదాలు ప్రాణం పోసుకున్నాయి, ఒరాకిల్, కంట్రోల్-ఎమ్, సర్వీస్‌నౌ. పైగా టేబుల్‌లో అసలు లేనిది ఒకటి బయటపడింది, పదే పదే వచ్చే సమస్యకి రీస్టార్ట్ కొట్టి వదిలేయకుండా మూలం వెతికావు. "ప్రాబ్లమ్ సాల్వింగ్" అని స్కిల్స్‌లో రాస్తారు కదా అందరూ, అది రాయకుండానే కనపడింది. ఇప్పుడు దీన్ని బుల్లెట్ చెయ్యాలి. ముందు ఒక ప్రశ్న, నువ్వు మార్చావా, డెవలపర్లు మార్చారా?

నైట్‌షిఫ్ట్_నాని
కోడ్ మా చేతిలో ఉండదు సార్. కనిపెట్టింది, కొత్త క్వెరీ రాసి టెస్ట్ చేసింది నేను. ప్రొడక్షన్‌లోకి చేంజ్ రిక్వెస్ట్ పెట్టి తీసుకెళ్ళింది వాళ్ళు. రిలీజ్ నైట్ నేనే మానిటర్ చేశా.

పాత_డీబీఏ
అయితే అలాగే రాయి. రెజ్యూమె ఇంగ్లీషులో రాసుకుంటావు కాబట్టి విషయం మాత్రం చెప్తా:

"ఎండ్ ఆఫ్ డే రీకన్సిలియేషన్ జాబ్ పదే పదే ఆలస్యం అవుతుంటే ఒరాకిల్ ఎగ్జిక్యూషన్ ప్లాన్ పరిశీలించి, తేదీ కండిషన్ వల్ల సుమారు తొమ్మిది కోట్ల రోల టేబుల్ పూర్తిగా స్కాన్ అవుతోందని గుర్తించా, క్వెరీ తిరగరాసి టెస్ట్ చేసి డెవలప్‌మెంట్ టీమ్‌కి ఇచ్చా. రిలీజ్ తర్వాత రన్ టైమ్ మూడున్నర గంటల నుంచి 50 నిమిషాల లోపుకి తగ్గింది."

గుర్తించా, తిరగరాశా, టెస్ట్ చేశా, ఇచ్చా. అన్నీ నువ్వు చేసినవే. "బ్యాచ్ మొత్తం ఆప్టిమైజ్ చేశా" అని రాయకు, అది రాస్తే నేను ప్యానెల్‌లో కూర్చుని మిగతా జాబ్‌ల గురించి అడుగుతా, నీ దగ్గర సమాధానం ఉండదు.

ఇంకోటి. బుల్లెట్ ఉంటే ఇంటర్వ్యూలో ప్రశ్న కూడా అక్కడి నుంచే మొదలవుతుంది. ఇది చదివాక నేను అడిగేది "ఇండెక్స్ ఉన్నా ఎందుకు వాడలేదు, క్వెరీ ముట్టుకోకుండా వేరే దారి ఉందా" అని. ఫంక్షన్ బేస్డ్ ఇండెక్స్ అనొచ్చు, లాభనష్టాలు మాట్లాడుకోవచ్చు, అంతా నీ నేల మీదే. ఉట్టి పదమే ఉంటే నేను ఎక్కడి నుంచైనా అడగొచ్చు, ఆర్‌ఏసీ గురించి అడుగుతా, మెటీరియలైజ్డ్ వ్యూ గురించి అడుగుతా, నువ్వు ఎప్పుడూ ముట్టుకోనివి. లిస్టులో ఒక పదం పెట్టడమంటే దాని గురించి ఏదైనా అడుక్కోండి అని తలుపులు తీసిపెట్టడమే.

విజయవాడ_టాలీ
ఇది సాఫ్ట్‌వేర్ వాళ్ళకేనా అందరికీనా? నేను అకౌంటెంట్‌ని, ఆటో విడిభాగాల డీలర్ దగ్గర. టాలీ ప్రైమ్, జీఎస్టీ, టీడీఎస్, ఎంఎస్ ఎక్సెల్ అని రాశాను. మా దగ్గర రన్ టైమ్‌లు అవీ ఏముంటాయండీ. టాలీలో ఏదైనా సర్టిఫికెట్ కోర్స్ చేస్తే వెయిట్ పెరుగుద్దంటారా?

సుజాత_టాలెంట్
సర్టిఫికెట్ మాట తర్వాత. నెలలో ఏ తేదీకి ఏం చేస్తారో చెప్పండి ముందు.

విజయవాడ_టాలీ
11లోపు జీఎస్‌టీఆర్-1 వేయాలి. 14న సప్లయర్లు వేసిన బిల్లుల స్టేట్‌మెంట్ 2బి వస్తుంది, దాన్ని డౌన్‌లోడ్ చేసి మా పర్చేజ్ రిజిస్టర్‌తో పోల్చి చూడాలి, సప్లయర్ బిల్లు వేశాడా లేదా, జీఎస్టీ నంబరు తప్పు కొట్టాడా అని. తేడా ఉన్నవాళ్ళకి ఫోన్లు. 20కి 3బి. సుమారు రెండొందల మంది సప్లయర్లు. ఎక్సెల్‌లో `VLOOKUP` పెడతా, ఇన్వాయిస్ నంబర్లు ఒక్కొక్కరు ఒక్కోలా కొడతారు, ముందు సున్నాలు, స్లాష్‌లు, దాంతో మ్యాచ్ అవ్వదు, అందుకని జీఎస్టీ నంబరు, క్లీన్ చేసిన ఇన్వాయిస్ నంబరు కలిపి ఒక కాలమ్ చేసుకుని దాంతో మ్యాచ్ చేస్తా. ముందు మూడు రోజులు పట్టేది, ఇప్పుడు సగం రోజు.

గోదారి_గట్టు
మళ్ళీ అదే, "మా దగ్గర ఏముంటాయండీ" అని మొదలుపెట్టి మొత్తం చెప్పేశారు 😀

సుజాత_టాలెంట్
అదే మీ బుల్లెట్. రెండొందల మంది సప్లయర్ల కొనుగోళ్ళని నెలనెలా 2బితో సరిచూస్తా, మ్యాచింగ్ పని మూడు రోజుల నుంచి సగం రోజుకి తెచ్చా. మీ యజమాని కాబోయేవాడికి ఎంఎస్ ఎక్సెల్ అన్న మాట ఏమీ చెప్పదు, అప్లికేషన్ పెట్టిన ప్రతివాడూ రాస్తాడు. 2బిలో లేని బిల్లుకి క్రెడిట్ తీసుకోడానికి వీల్లేదు కాబట్టి ఆ పని సరిగా చేసేవాడి విలువ ఏ డీలర్‌కైనా వెంటనే అర్థమవుతుంది.

విజయవాడ_టాలీ
మరి సర్టిఫికెట్?

సుజాత_టాలెంట్
మీకు అక్కర్లేదు అనుకుంటాను, ఆ కోర్స్ డబ్బులు ఉంచుకోండి. అసలు అనుభవం లేనివాళ్ళకైతే వేరే మాట.

డల్లాస్_బావ
ఇక్కడ కన్సల్టెన్సీ రెజ్యూమెలు చూసుంటే ఈ గోలే ఉండదు. ఏడెనిమిది పేజీలు, ప్రతి ప్రాజెక్ట్ కింద చివర్లో "ఎన్విరాన్‌మెంట్" అని ఒక లైను, ఆ ప్రాజెక్ట్‌లో వాడిన టూల్స్ అన్నీ దాంట్లో. తేదీల సమస్యా తీరిపోయింది, కీవర్డ్ సమస్యా తీరిపోయింది. నాని ఆ లైను పెట్టుకుంటే సరిపోద్ది, చోటు కూడా పెద్దగా పట్టదు.

పాత_డీబీఏ
ఆ లైను నాకు పడదు బావా. పై లిస్టునే ముక్కలు చేసి కింద పెట్టినట్టే. ఆ ప్రాజెక్ట్‌లో ఒరాకిల్ ఉందని తెలుస్తుంది, నువ్వు ముట్టుకున్నావని తెలీదు. సిస్టమ్‌లో ఉన్నవన్నీ రాసేస్తారు, వీడి పక్క సీటువాడు వాడినవి కూడా. ఒకసారి ఒకాయన ఆ లైన్‌లో కాఫ్కా రాశాడు, అడిగితే "ప్రాజెక్ట్‌లో ఉంది సార్, నేను దాని మీద పనిచేయలేదు" అన్నాడు. మరి నీ రెజ్యూమెలో ఎందుకుంది నాయనా.

సుజాత_టాలెంట్
నాకైతే ఆ లైను ఉంటేనే ఇష్టం. పార్సర్‌కి జాబ్ తేదీలతో కలిసి దొరుకుతుంది, నాకూ తొందరగా కళ్ళకి ఆనుతుంది. బుల్లెట్లు బాగా రాసి చివర్లో అది పెడితే నష్టమేంటి?

పాత_డీబీఏ
బుల్లెట్లు బాగా రాసినవాడికి అది అక్కర్లేదు, రాయనివాడికి అది సాకు అవుతుంది.

డల్లాస్_బావ
ఇక్కడ వెండర్లు అది లేకపోతే ముందుకే పంపరు సార్, మీ ఇష్టాయిష్టాలు మాకు కుదరవు.

కడప_కారం
నాకో డౌట్. లిస్ట్ అబద్ధం రాయొచ్చు అంటున్నారు సరే, బుల్లెట్ అబద్ధం రాయలేరా? అమీర్‌పేటలో ఫేక్ ఎక్స్‌పీరియన్స్ అమ్మేటోళ్ళు లిస్టులు కాదప్పా ఇచ్చేది, బుల్లెట్లతో సహా రెజ్యూమె చేతిలో పెడతారు. ఎంత శాతం తగ్గించాం, ఎంత ఆదా చేశాం అని నంబర్లు కూడా వాళ్ళే వేస్తారు. మరి బుల్లెట్‌ని ఎందుకు నమ్మాల?

అమీర్‌పేట_అంజి
మా ఏరియాని మధ్యలకు ఎందుకు గుంజుతున్నవ్ అన్నా

పాత_డీబీఏ
మంచి ప్రశ్న. బుల్లెట్ రాసినంత మాత్రాన నమ్మం. కానీ బుల్లెట్‌ని పరీక్షించొచ్చు, పదాన్ని పరీక్షించలేం, అదే తేడా. నాని బుల్లెట్ కొనుక్కుని పెట్టుకున్నవాడు వస్తే నేను అడిగేది, ఆ టేబుల్ మీద ఇంకేం ఇండెక్స్‌లు ఉన్నాయి, టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌లో అంత డేటా ఎక్కడిది, తగ్గిందని ఎలా నమ్మావు, రిలీజ్ రాత్రి ఏం చూశావు. నిజంగా చేసినవాడు ఇక్కడ సమాధానంతో పాటు నేను అడగని గొడవ కూడా చెప్తాడు, టెస్ట్‌లో డేటా తక్కువ ఉంది అనో, డెవలపర్ ఒప్పుకోలేదు అనో. కొనుక్కున్నవాడు రెండో ప్రశ్నకి మళ్ళీ అదే బుల్లెట్ చదువుతాడు.

అయితే ఒక ఇబ్బంది ఉంది, అది ఒప్పుకోవాలి. ఇంటర్వ్యూ దాకా వస్తేనే ఈ పరీక్ష. స్క్రీనింగ్‌లో నిజం బుల్లెట్‌కీ కొన్న బుల్లెట్‌కీ తేడా సుజాతగారికి ఎలా తెలుస్తుంది?

సుజాత_టాలెంట్
కొన్నిసార్లు తెలీదు, నిజమే. ఒకే వాక్యం పొల్లుపోకుండా వేరే వేరే పేర్లతో వస్తే పట్టుకుంటాం, అవి చాలానే వస్తాయి. ఇంకో గుర్తు, కొన్న బుల్లెట్లో ఫలితం పెద్దగా ఉంటుంది, పని ఏమీ ఉండదు. "పెర్ఫార్మెన్స్ 40 శాతం మెరుగుపరిచా" అంతే, దేని పెర్ఫార్మెన్స్, ఏం చేసి, చెప్పరు. నాని దాంట్లో ఫలితం తీసేసినా పని మిగులుతుంది, నేను నమ్మేది దాన్ని. కానీ తెలివిగా రాసిన ఫేక్ నన్ను దాటిపోతుంది, దానికి నా దగ్గర మందు లేదు.

కడప_కారం
అయితే నిజాయితీగా లిస్ట్ రాసినోడు ఆగిపోతాడు, తెలివిగా బుల్లెట్ కొన్నోడు ప్యానెల్ దాకా పోతాడు. బాగుందప్పా మీ పద్ధతి.

సుజాత_టాలెంట్
బాగుందని నేను అన్లేదు.

బీటెక్_బ్యాక్‌బెంచ్
ఎక్స్‌పీరియన్సే లేనోళ్ళు ఏం చెయ్యాలి, మాకు లిస్ట్ ఒక్కటే దిక్కు కదా అన్నా

గోదారి_గట్టు
ప్రాజెక్ట్ ఉంటుందిగా. అటెండెన్స్ సిస్టమో ఏదో చేసుంటావు. అందులో నువ్వు రాసిన ముక్క ఏదో అది చెప్పు, నలుగురి టీమ్‌లో లాగిన్ నువ్వు చేశావా డేటాబేస్ నువ్వు చేశావా, ఎక్కడ ఇరుక్కున్నావు, ఎలా బయటపడ్డావు. కొన్న ప్రాజెక్ట్ అయితే మాత్రం పైన డీబీఏ సార్ పోస్ట్ ఇంకోసారి చదువుకో 😄

బీటెక్_బ్యాక్‌బెంచ్
😶

నైట్‌షిఫ్ట్_నాని
అందరికీ థాంక్స్, రాత్రి షిఫ్ట్‌లో కూర్చుని మార్చా. ఆ బ్యాచ్ బుల్లెట్ మొదట పెట్టా. రెండోది, రోజూ పొద్దున చేత్తో చేసే డిస్క్ స్పేస్, లాగ్ ఎర్రర్ల చెకింగ్‌కి షెల్ స్క్రిప్ట్ రాసి మెయిల్ వచ్చేలా చేశా, ఇప్పుడు మా ఆరుగురు టీమ్ అదే వాడుతున్నారు, అది. మూడోది స్ప్లంక్‌లో పేమెంట్ ఫెయిల్యూర్‌లకి అలర్ట్ పెట్టింది, కస్టమర్ కంప్లయింట్ రాకముందే మాకు తెలుస్తుంది. "బాధ్యతలు" అని మొదలయ్యే నాలుగు లైన్లూ తీసేశా, దాంతో చోటు కూడా వచ్చేసింది.

ఇప్పుడు అసలు సమస్య. డాకర్, ఏడబ్ల్యూఎస్, జెంకిన్స్‌కి రాయడానికి బుల్లెట్ లేదు. జెంకిన్స్‌లో బటన్ నొక్కడం తప్ప ఏం చేయలేదు, మిగతా రెండూ ఆన్‌లైన్ కోర్స్. కానీ నేను వెళ్దామనుకునే ఎస్‌ఆర్‌ఈ జాబ్‌లన్నీ అవే అడుగుతున్నాయి.

పాత_డీబీఏ
తీసెయ్. బుల్లెట్ లేని స్కిల్ నీది కాదు.

కూకట్‌పల్లి_కార్తీక్
తీసేస్తే సెర్చ్‌లో రాడు కదా సార్, సుజాత అక్కే చెప్పింది. ఇక్కడ మాత్రం నేను కరెక్ట్.

సుజాత_టాలెంట్
కార్తీక్‌తోనే ఉన్నాను ఈసారి. తీయకు, కానీ మిగతావాటితో కలపకు. కింద విడిగా ఒక లైను పెట్టు, కోర్స్ ద్వారా నేర్చుకున్నవి అని, జాబ్‌లో వాడలేదని తెలిసేలా. లిస్టులో పదకొండు ఉండి కింద మూడే కనపడితే మిగతా ఎనిమిది మీద అనుమానం వస్తుంది, ఆ అనుమానం ఆ మూడింటి మీదకి కూడా పాకుతుంది. విడగొట్టి చెప్తే ఆ గొడవ లేదు.

పాత_డీబీఏ
ఎస్‌ఆర్‌ఈ ప్యానెల్‌లో ఆ లైను చూసి మార్కులు వేసేవాడు ఎవడూ లేడండీ.

సుజాత_టాలెంట్
మీ ప్యానెల్ దాకా రావాలి కదండీ ముందు.

డల్లాస్_బావ
ఆ షెల్ స్క్రిప్ట్‌నే డాకర్ కంటైనర్‌లో పెట్టి నడిపించు నానీ, టెస్ట్ సర్వర్‌లో పర్మిషన్ ఇస్తే. రెండు వారాల పని. అప్పుడు బుల్లెట్ నిజంగానే ఉంటుంది, వీళ్ళిద్దరి గొడవా తీరిపోద్ది.

నైట్‌షిఫ్ట్_నాని
పర్మిషన్ అంటే బ్యాంక్ క్లయింట్ బావా... అడిగి చూస్తా గానీ ఆశ లేదు.

కడప_కారం
నంబర్ల గురించి ఒకటి. తొమ్మిది కోట్ల రోలు, రన్ టైమ్‌లు, ఇవన్నీ రాస్తే క్లయింట్ సమాచారం బయటపెట్టినట్టు కాదా?

పాత_డీబీఏ
బ్యాంక్ పేరు, టేబుల్ పేర్లు, సిస్టమ్ అంతర్గత పేర్లు రాయొద్దు. "ఒక పెద్ద ప్రైవేట్ బ్యాంక్" అంటే చాలు. సైజు సుమారుగా చెప్తే చాలు, కోట్లలో అన్నా పోతుంది. అగ్రిమెంట్‌లో ఏముందో మాత్రం చదువుకో, కొన్నిటిలో క్లయింట్ ఏ రంగమో కూడా చెప్పొద్దని ఉంటుంది.

నిద్రలేని_నెల్లూరు
ఇదంతా చదివి నా బుల్లెట్లు రాద్దామని కూర్చుంటే అసలు నంబర్లే గుర్తు లేవు. ఏ టికెట్ ఎప్పుడు, ముందు ఎంత టైమ్ పట్టేది, ఏదీ లేదు. లాస్ట్ వర్కింగ్ డే శుక్రవారం 😭

గోదారి_గట్టు
యాక్సెస్ ఉండగానే సర్వీస్‌నౌలో నీ పేరు మీద క్లోజ్ అయిన ఇన్సిడెంట్లు, నువ్వు పెట్టిన చేంజ్ రిక్వెస్ట్‌లు ఫిల్టర్ కొట్టి చూసుకో, సగం గుర్తొచ్చేస్తాయి. జాబ్ టైమింగ్‌లు కంట్రోల్-ఎమ్‌లో రన్ స్టాటిస్టిక్స్ దగ్గర ఉంటాయి కానీ మరీ పాతవి ఉండకపోవచ్చు, అలాంటివాటికి అప్పట్లో పెట్టిన మెయిల్స్‌లో వెతుకు.

సుజాత_టాలెంట్
స్క్రీన్‌షాట్లు తీసి పర్సనల్ మెయిల్‌కి మాత్రం పంపకు, చివరి వారంలో మెయిల్స్ మీద ఒక కన్నేసి ఉంచే కంపెనీలున్నాయి. నంబరు చూసి గుర్తుపెట్టుకో, ఇంటికొచ్చి రాసుకో, అదీ సుమారుగా.

నిద్రలేని_నెల్లూరు
సరే అక్కా. రేపు మేనేజర్ కేటీ సెషన్ పెట్టాడు, మధ్యాహ్నం లంచ్ టైమ్‌లో కూర్చుని చేంజ్ రిక్వెస్ట్‌లు చూస్తా. ఒక డౌట్, టికెట్ నా పేరు మీద ఉండి పని ఇద్దరం చేస్తే ఎలా రాయాలి?

పాత_డీబీఏ
నువ్వు చేసిన సగం ఏదో అది రాయి. రెండో వాడు కూడా అదే కంపెనీకి అప్లై చేస్తే ఇద్దరి రెజ్యూమెలూ నా టేబుల్ మీదకే వస్తాయి, ఒకసారి అలా వచ్చాయి కూడా.

అమీర్‌పేట_అంజి
ఇద్దర్ల ఎవరికిచ్చిన్రు సార్ జాబ్?

పాత_డీబీఏ
ఇద్దరికీ కాదు. ఇద్దరూ "లీడ్ చేశాను" అనే రాశారు.